నీటిలో లేని పెళ్లికొడుకు

మా చెల్లెలు పోయిన అయిదో నెలలో, దాని కూతురు మా ఇంటి ముందుగదిలో కంప్యూటరు బల్ల వేసుకుంది. గోడకు ఆనించి వేయమన్నాను. కిటికీ వెలుతురు తెర మీద పడితే రంగులు తప్పుగా కనిపిస్తాయని చెప్పి, గదికి అడ్డంగా వేసుకుంది. ఇంట్లో ఏ వస్తువైనా గోడలకు సమాంతరంగా ఉండాలన్నది నా నియమం. అయినా ఆ రోజు ఏమీ అనలేదు. అప్పట్లో నేను దేనికీ ఏమీ అనడం లేదు. వేళకు లేచేదాన్ని, వేళకు కుక్కరు పెట్టేదాన్ని, వేళకు పడుకునేదాన్ని. చెల్లెలి కోసం ఏడవలేదు. ఏడుపు రాకపోవడం గురించి బాధ కూడా కలగలేదు.

తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం బోధించి విరమించినదాన్ని. నాకు తెలిసిన ఒక కళాశాల కార్యాలయంలో ఉద్యోగం ఖాళీగా ఉంటే మా అమ్మాయి కోసం మాట్లాడి ఉంచాను. అక్క బిడ్డా చెల్లెలి బిడ్డా అన్న తేడా మా ఇళ్లలో లేదు, అందుకే మా అమ్మాయి అంటున్నాను. ఇరవై ఎనిమిదేళ్లది. ఫోటోలు దిద్దే పని నేర్చుకుంది. ఏలూరులో ఒక స్టూడియో వారు పరీక్షగా ఒక పెద్ద బొమ్మ ఇచ్చారు. అది నచ్చితే ఇకపై తమ పెళ్లిళ్ల పనంతా ఆమెకే ఇస్తామన్నారు.

"ఈ బొమ్మ నిలబడితే నీ దారి నీది. నిలబడకపోతే సోమవారం కార్యాలయానికి వెళ్లాలి," అన్నాను.

"సరేనండి పెద్దమ్మా," అంది. తలెత్తి చూడలేదు.

ఆ బొమ్మ సంగతి ముందుగా చెప్పాలి. పెళ్లివారిది కొల్లేటి అంచున ఒక ఊరు, పౌరోహిత్యం చేసే కుటుంబం. పెళ్లికొడుకు ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేస్తున్నాడు. వర్షం వెలిసిన రాత్రి, రంగురంగుల నియాన్ దీపాల బోర్డుల కింద, తడి రోడ్డు మీద, తానూ పెళ్లికూతురూ నిలబడినట్టు ఒక నిలువెత్తు ఫోటో కావాలన్నాడు. పెళ్లిపందిరి ముఖద్వారం దగ్గర పెట్టడానికి. వాళ్ల నాయనమ్మ మాత్రం, తాళి పడకుండా ఇద్దరూ రాత్రిపూట వీధిలో పక్కపక్కన నిలబడడానికి వీల్లేదంది. ఆ ఇంట్లో ఆవిడ మాటకు తిరుగు లేదు. అందుచేత స్టూడియో వారు ఒక ఉపాయం చేశారు. ఏలూరులో ఒక బజారు వీధిలో రోడ్డు మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి, ఒక రాత్రి పెళ్లికూతుర్ని, మర్నాటి రాత్రి పెళ్లికొడుకుని నిలబెట్టి, కెమెరా స్టాండును అదే చోట, అదే ఎత్తులో ఉంచి తీశారు. ఇద్దరినీ కలపడం, వాన కురిపించడం, దీపాలు వెలిగించడం మా అమ్మాయి పని. తీసినప్పుడు వీధి పొడిగా ఉంది. ఎండాకాలం.

మొదట పెళ్లికూతురి ఫోటో వచ్చింది. ఆ ఫోటోయే వీధికి మూలం. మా అమ్మాయి ముందుగా దాన్ని చీకటి చేసి, కాస్త నీలివైపు తిప్పింది. దుకాణాల మీది ఫ్లెక్సు బోర్డులన్నీ చెరిపేసింది. వాటి చోట దీపాల అక్షరాలు వేయడం మొదలుపెట్టింది. జపాను అక్షరాలు వేయమని పెళ్లికొడుకు కోరాడట.

"మన వీధిలో మనకు చదవడం రాని బోర్డులెందుకు?" అన్నాను.

"అదే ఫ్యాషనండి."

"తెలుగు వెయ్యి. ఈ దీపాల గాజుగొట్టం వంచితే గుండ్రంగానే వంగుతుంది. మన అక్షరాలు దానికోసమే పుట్టినట్టుంటాయి."

తను నా వైపు చూసి నవ్వింది. నా నుంచి ఆ విషయంలో మాట వస్తుందని అనుకున్నట్టు లేదు. "సోడా" అని గులాబీ రంగులో, "టిఫిన్" అని ఆకుపచ్చలో, "పూలు" అని నారింజలో వేసింది. పెళ్లికొడుకు ఫోనులో చూసి, ఇదే బాగుందన్నాడట.

దీపం వెలిగినట్టు కనిపించడానికి రంగు పూస్తే చాలదు. గొట్టం మధ్యభాగం దాదాపు తెల్లగా ఉండాలి, అంచుల్లో మాత్రమే రంగు ఉండాలి. ఆ అక్షరాలకే రెండు మూడు నకళ్లు తీసి, ఒకదాన్ని కొంచెం, మరొకదాన్ని ఇంకా ఎక్కువ మసకబరిచి, వెలుగును వెలుగుకు కలిపే పద్ధతిలో ఒకదాని మీద ఒకటి పరిచింది. అప్పుడు అక్షరం చుట్టూ పొగలాంటి కాంతి వచ్చింది. తర్వాత గోడ మీద ఆ రంగు కొంచెం, షట్టరు మడతల మీద కొంచెం, పెళ్లికూతురి చెంప మీద దీపం ఉన్న వైపు మాత్రం కొంచెం. బోర్డులు గోడ వాలుకు తగ్గట్టు దూరం పోయేకొద్దీ చిన్నవయ్యాయి. ఇవన్నీ నేను కుర్చీ తెచ్చుకుని వెనక కూర్చుని చూశాను. ఆసక్తి వల్ల అని చెప్పలేను. ఆ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుంది.

తడి రోడ్డు దగ్గరకు వచ్చేసరికి తప్పు చేసింది. బోర్డుల బొమ్మను తలకిందులు చేసి, ఫోటో అడుగు అంచు నుంచి పైకి పరిచింది. ఎక్కడో ఉండాల్సిన "సోడా" పెళ్లికూతురి పాదాల ముందుకు వచ్చి పడింది.

"అలా కాదు," అన్నాను. "బోర్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, నేల కింద అంత లోతులో కనిపించాలి. కొలత మొదలయ్యేది ఫోటో అంచు దగ్గర కాదు, ఆ గోడ నేలను తాకే చోట. గోడ గోడకూ ఆ గీత వేరు."

కాగితం మీద గీసి చూపించాను. అయిదు నెలల్లో నేను పెన్సిలు పట్టడం అదే మొదలు. తను ఒక్కొక్క గోడ మొదట్లో ఒక్కొక్క గీత గీసుకుని, ఒక్కొక్క బోర్డునూ ఆ గీత మీద తిప్పి దించింది. నిలువుగా చెదిరేలా మసకబరిచింది. గుంతల్లో నీరు నిలిచిన చోట ప్రతిబింబం గట్టిగా, గరుకు తారు మీద పలచగా, దూరాన ఎక్కువగా, దగ్గర తక్కువగా ఉండేలా తుడిచింది. తారును ఇంకాస్త నల్లబరిచింది. తడిసిన తారు నల్లబడుతుంది కదా. పెళ్లికూతురి ఎర్రచీరను కూడా అలాగే తిప్పి పాదాల కింద పరిచింది. ఆ ప్రతిబింబాలన్నీ, వీధి మీద పరిచిన గాజుకాగితంలా, ఒకే పొరగా కలిపేసింది. ఎండకు పగిలిన ఏలూరు వీధి నీళ్లలో మెరిసింది.

"మీరు లేకపోతే ఈ గీతల సంగతి నాకు తట్టేది కాదండి," అంది.

మర్నాడు పెళ్లికొడుకు ఫోటో వచ్చింది. అతన్ని చుట్టూ కత్తిరించి, వీధిలో పెళ్లికూతురి పక్కన, అన్ని పొరల మీద, సుద్దగుర్తు ఉన్న చోట నిలబెట్టింది. ముఖానికి దీపం రంగు అద్దింది. బూట్ల కింద చిన్న నల్లని నీడ వేసింది. సాయంత్రం నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వస్తుంటే పిలిచింది.

"పెద్దమ్మా, చూడండి. ఇంకేమైనా ఉందా? రేపు పొద్దున్నే ప్రింటుకి పంపేయాలి."

వెళ్లి చూశాను. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను. పెళ్లికూతురి పాదాల కింద నీళ్లలో ఎరుపు ఉంది. "సోడా" ఉంది, "టిఫిన్" ఉంది, "పూలు" ఉన్నాయి. పెళ్లికొడుకు కింద ఏమీ లేదు. ప్రతిబింబాల పొర అతను రాకముందే తయారైంది. అతను పైన వచ్చి నిలబడ్డాడు, నీరు అతన్ని ఎరగదు. ఒక్క చూపులో తెలిసింది. విద్యార్థి పటంలో కిరణం తప్పుగా గీస్తే ఎలా తెలుస్తుందో అలాగే.

"బాగుంది," అని వంటింట్లోకి వెళ్లాను. పాలు పొంగకుండా స్టవ్ కట్టేశాను.

ఎందుకు చెప్పలేదో తెలియదని రాస్తే తప్పించుకున్నట్టు అవుతుంది. కార్యాలయంలో ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉందన్న సంగతి నాకు ఆ క్షణంలో గుర్తుంది. అదొక్కటే కారణమనీ చెప్పలేను. చెప్పాలంటే నోరు తెరవాలి, కుర్చీ లాక్కోవాలి, మళ్లీ పెన్సిలు పట్టాలి. చెప్పకపోతే ఏదీ అక్కర్లేదు. ఆ రాత్రి బాగానే నిద్రపోయాను.

ప్రింటు పెళ్లికొడుకుని చేసే రోజున వాళ్ల ఇంటికి చేరింది. ఫోను తెరలో ఎవరికీ కనిపించనిది నిలువెత్తు బొమ్మలో కనిపించింది. ముందుగా కనిపెట్టింది నాయనమ్మ. మధ్యాహ్నం స్టూడియో యజమాని ఫోను చేశాడు. మా అమ్మాయి స్పీకరు పెట్టింది.

"ఏవండీ, పెళ్లికొడుకు నీళ్లలో లేడటండి. పెద్దావిడ భోజనం మానేసిందట. ఆయుష్షు తీరినవాడికి నీళ్లలో తన రూపు కనబడదని వాళ్లలో ఒక మాట ఉందిటండి. పెళ్లి నాలుగు రోజుల్లో ఉంది. ముహూర్తం మార్చమంటోందట. నేను ఎవరికి ఏం చెప్పుకోను?"

"వెంటనే సరిచేసి ఇంకో ప్రింటు పంపిస్తానండి," అంది.

"ప్రింటు సంగతి కాదండి. ఆవిడ ఎదుట నిలబడి చెప్పాలి. లేకపోతే ఆ చుట్టుపక్కల నాకు పని ఉండదు. మీకు నా దగ్గరా ఉండదు."

ఫోను పెట్టేసి ఫైలు తెరిచింది. బూట్ల దగ్గర బొమ్మను పెద్దది చేసి చూసింది. "ఎలా మర్చిపోయానండీ? ఇంత పెద్ద మనిషిని," అంది. తర్వాత, "మీరు కూడా రండి పెద్దమ్మా. టీచరు గారు చెబితే వింటారు," అంది.

వెళ్లాను. ఏలూరు దాకా బస్సులో, అక్కడి నుంచి స్టూడియో యజమాని కారులో. మా అమ్మాయి ఒళ్లో బొమ్మ ఫైలు ఎక్కించిన అతని ల్యాప్‌టాపు పెట్టుకుంది. రోడ్డుకు రెండువైపులా చేపల చెరువులు, గాలి చిమ్మే చక్రాలు తిరుగుతున్నాయి.

ఆ ఇంటి ముందు తాటాకు పందిరి. బొమ్మను గోడ వైపు తిప్పి నిలబెట్టారు. చెక్కచట్రం వెనకభాగమే మాకు కనిపించింది. పెద్దావిడ వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన కుర్చీలో ఆవిడ భర్త, ఆ ఊరి పురోహితులు ఆయనే. పెళ్లికొడుకు ఒంటికి నూనె మెరుపుతో, నుదుట బొట్టుతో, ఒక స్తంభానికి ఆనుకుని, తప్పు తనదే అన్నట్టు నిలబడ్డాడు.

"నువ్వేనా తల్లీ బొమ్మ వేసింది?" అంది పెద్దావిడ.

"అవునండి."

"వాన ఎక్కడిది? మొన్న వీడు ఏలూరు వెళ్లొచ్చిన రోజు నీళ్లకుండ కూడా కాగిపోయింది."

"వాన మేమే వేశామండి."

"ఆ దీపాలూ?"

"అవీ మేమేనండి."

"ఆ సందులో సోడా కొట్టు నేనెరగను. అదీ నువ్వు పెట్టిందేనా?"

"అవునండి."

"ఇన్ని పెట్టావు, ఇంత వాన కురిపించావు. మావాణ్ణి నీళ్లలో వెయ్యడానికి చెయ్యి రాలేదా?"

నేను కల్పించుకున్నాను. ఆ బొమ్మ పొరలు పొరలుగా ఉంటుందని, పెళ్లికూతురి పొరతోనే నీటి పొర తయారైందని, పెళ్లికొడుకు తర్వాత వచ్చాడని, ఇది వరస తప్పడమే తప్ప మరేమీ కాదని, పాఠం చెప్పినట్టు చెప్పాను. ఇద్దరినీ విడివిడిగా తీయడం వల్లనే ఇలా జరిగిందని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

"అయితే నావల్లేనంటారు," అంది పెద్దావిడ.

పురోహితులు చెయ్యెత్తి మెల్లగా అన్నారు. "టీచరు గారూ, మీరు చెప్పింది నాకు బోధపడిందండి. ఆవిడకు బోధపడక్కర్లేదు. కనబడాలి."

మా అమ్మాయి ఎవరూ అడగకుండానే మంచం పక్కన కింద కూర్చుని, ల్యాప్‌టాపును మంచం అంచున పెద్దావిడకు కనిపించేలా పెట్టింది. "మీరే చూడండి బామ్మగారూ," అంది. పెళ్లికొడుకు పొరకు నకలు తీసింది. నిలువుగా తలకిందులు చేసింది. కిందికి లాగి బూటు కొనకు బూటు కొన ఆనించింది. పెద్దావిడ తెర మీదకు వంగింది.

"ఈ కాలు కలిసింది. ఆ కాలు గాల్లో ఉందేమే?"

ఆవిడ చెప్పింది నిజం. పెళ్లికొడుకు ఒక కాలు ముందుకు వేసి నిలబడ్డాడు. ముందు పాదం నేలను తాకే చోటు వేరు, వెనక పాదం తాకే చోటు వేరు. మొత్తం మనిషిని ఒకే గీత మీద తిప్పితే ఒక పాదమే కలుస్తుంది. పెళ్లికూతురు చీరకుచ్చెళ్ల కింద పాదాలు దగ్గరగా పెట్టుకుంది కాబట్టి ఆమెకు ఆ చిక్కు రాలేదు. గోడ గోడకూ గీత వేరని కాగితం మీద గీసి చెప్పినదాన్ని, పాదం పాదానికీ వేరని నాకు తట్టలేదు. పెద్దావిడకు తట్టింది.

"ఉండండి, కలుపుతాను," అని మా అమ్మాయి వెనక కాలును మోకాలి దగ్గర విడదీసి, పైకి జరిపి, వెనక బూటుకు ఆనించి, అతుకు కనపడకుండా వంచింది. తర్వాత మసకబరిచింది, నిలువుగా చెదరగొట్టింది, గుంత అంచుల్లో తుడిచింది. రంగు తగ్గించింది. పెళ్లికొడుకు స్తంభం వదిలి వచ్చి వెనక నిలబడ్డాడు.

"మసగ్గా ఉన్నాడేమే?"

"నీళ్లు కదండీ. మరీ స్పష్టంగా ఉంటే అద్దం అయిపోతుంది."

"ఆ పిల్లా మసగ్గానే ఉందిగా?"

"సమానంగానే ఉన్నారండి. కావాలంటే కొలిచి చూపిస్తాను."

"అక్కర్లేదులే." తెర మీద వేలు పెట్టి, మనవడి తల నుంచి నీళ్లలోని తల దాకా కిందికి గీసింది. వేలి నూనె తెరకు అంటింది. "ఉన్నాడు," అంది. తర్వాత లోపలికి వినిపించేలా, "కాస్త మజ్జిగ కలపండర్రా," అంది. పురోహితులు కళ్లు మూసుకుని తెరిచారు. స్టూడియో యజమాని రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

అక్కడితో అయిపోయేది. పెద్దావిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని, మందలింపుగా కాదు, మామూలుగానే అడిగింది.

"అచ్చుకి పంపే ముందు ఇంట్లో పెద్దవాళ్లెవరికీ చూపించలేదా తల్లీ?"

"మా పెద్దమ్మగారికి చూపించానండి."

ఆవిడ నా వైపు తిరిగింది. "మీకూ కనబడలేదాండీ?"

సాయంత్రపు వెలుతురు అనవచ్చు. వయసు అనవచ్చు, కళ్లజోడు అనవచ్చు. ఆవిడ నమ్మడానికి సిద్ధంగానే ఉంది. అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు.

"కనబడిందండి," అన్నాను. "చెప్పలేదు."

మా అమ్మాయి చెయ్యి మీటల మీద ఆగింది. తలెత్తలేదు.

"చెబితే మీకేం పోయిందండీ?" అంది పెద్దావిడ. జవాబు కోసం ఆగలేదు. "ఈ పిల్లకి ముందు మజ్జిగ ఇవ్వండర్రా, పొద్దున్నించీ ఏం తిన్నట్టు లేదు," అని లోపలివాళ్లకు చెప్పింది. నాకూ గ్లాసు ఇచ్చారు. తాగాను. ఉప్పు సరిపోయింది.

తిరుగు ప్రయాణంలో యజమాని కొత్త ప్రింటు రేపు తానే తీసుకువెళ్తానన్నాడు. ఇంకో రెండు పెళ్లిళ్ల ఫైళ్లు పంపిస్తానన్నాడు. మా అమ్మాయి "సరేనండి" అంది. నేను వెనకసీట్లో ఉన్నాను. దాని జడ మాత్రం కనిపిస్తోంది. ముఖం ఎలా ఉందో తెలియలేదు. ఏలూరులో బస్సు ఎక్కాక కిటికీ పక్క సీటు నాకు ఇచ్చి, తను వెనక వరసలో కూర్చుంది.

ఇంటికి వచ్చాక అన్నం వండుకున్నాం, తిన్నాం. కంచాలు కడిగి బోర్లించాక అంది, "సోమవారం నేను కార్యాలయానికి వెళ్లనండి."

"వెళ్లక్కర్లేదు. బొమ్మ నిలబడింది."

"నిలబడకపోయినా వెళ్లేదాన్ని కాదండి. మీతో ఆ మాట అప్పుడే చెప్పాల్సింది."

దానికి అమ్మ పోయింది. ఆ పని ఒక్కటే మిగిలింది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసిన సంగతి మనసుకు తగలకుండా ఎలా ఉండిపోయిందో, ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. తగలలేదన్నది మాత్రమే తేలింది. క్షమించమని అడగాలని అనుకున్నాను. మర్నాడు ఉదయం అడిగాను. మాటలు ముందే కూర్చుకుని, వరసగా, తప్పు ఏమిటో, ఎప్పుడు జరిగిందో చెప్పి అడిగాను. తను పళ్లు తోముకుంటూ విని, నోరు పుక్కిలించి, "సరేనండి," అంది.

ఆ తర్వాత నెలల్లో పని పెరిగింది. తాడేపల్లిగూడెం నుంచి, తణుకు నుంచి కూడా ఫోటోలు వస్తున్నాయి. అందరికీ తడి వీధే కావాలి. ఇప్పుడు మనుషులను ముందు నిలబెట్టి, ఒక్కొక్క పాదానికి గీత గీసుకుని, ఆ తర్వాతే నీళ్లు పోస్తోంది. పూర్తయిన బొమ్మ నాకు చూపించదు. ఫోనులో స్టూడియో వారికి పంపుతుంది, వాళ్లు చూసి చెబుతారు.

నేను ఆ గదిలోంచి వెళ్లేటప్పుడు తెర వైపు చూస్తాను. తప్పు కనిపిస్తే నిలబడి వెంటనే చెబుతాను. మొన్న ఒక గోడ గీత జానెడు కిందికి దిగింది. చెప్పాను. తను కుర్చీ తిప్పకుండా ఆ గోడను మళ్లీ కొలుచుకుంది, గీతను పైకి జరిపింది, పని కొనసాగించింది. నేను వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ బియ్యం కడిగాను.